పాత ఫొటోలా, కొత్త ఫొటోలా: తిరుపతిలో ఒక డేటింగ్ ప్రొఫైల్‌పై వారం రోజుల పరీక్ష

క్లయింటుకు 29 ఏళ్లు. తిరుపతిలోనే ఉద్యోగం, ఉండేదీ ఇక్కడే. డేటింగ్ యాప్‌లో ప్రొఫైల్ పెట్టి చాలాకాలమైంది, లైకులు మాత్రం అంతంతమాత్రం. పాత ఫొటోలు ఐదున్నాయి, అన్నీ ఫోన్‌తో తీసినవే. కొత్తగా మరో ఐదు తీయించారు. ఆయన ప్రశ్న ఒక్కటే: కొత్తవి పెడితే నిజంగా లైకులు పెరుగుతాయా?

అందరూ చేసే పని, సోమవారం నుంచి బుధవారం దాకా పాత ఫొటోలు పెట్టి, గురువారం నుంచి ఆదివారం దాకా కొత్తవి పెట్టి లైకులు లెక్కపెట్టడం. తిరుపతిలో అలా చేస్తే ఏ ఫొటోలైనా సరే, రెండోసారి పెట్టినవే గెలుస్తాయి. శుక్రవారం సాయంత్రం నుంచి చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల నుంచి దర్శనానికి వచ్చేవాళ్లతో ఊరు నిండిపోతుంది. వాళ్లలో కొందరి ఫోన్లలోనూ ఇదే యాప్ ఉంటుంది. యాప్ దూరాన్ని బట్టే మనుషుల్ని చూపిస్తుంది కాబట్టి వారాంతంలో ఈ ప్రొఫైల్‌ను చూసేవాళ్లూ పెరుగుతారు. అది ఫొటో గొప్పతనం కాదు, వెంకన్న గొప్పతనం.

అందుకే పరీక్షను రోజుల లెక్కన విడగొట్టకుండా, ప్రతి రోజునూ రెండు ముక్కలు చేశాం. ఒక ముక్కలో పాత సెట్, రెండో ముక్కలో కొత్త సెట్. పాతదాన్ని ఎ అనీ, కొత్తదాన్ని బి అనీ అందాం.

సెట్లను సమానం చేయడం

మొదట సరిచూసుకోవాల్సింది ఫొటోల సంఖ్య, వరుస. రెండింటిలోనూ ఐదేసి ఉండాలి. ఎ‌లో మొదటిది ముఖం దగ్గరగా ఉన్న ఫొటో అయితే బి‌లోనూ అదే ఉండాలి. రెండోది నిలువెత్తు ఫొటో, మూడోది ఏదైనా పని చేస్తున్నది, నాలుగోది స్నేహితులతో, ఐదోది ప్రయాణంలో తీసింది. ఇలా జోడీ కడితే తేడా వెలుతురుకు, ఫ్రేమింగుకు, బట్టలకు పరిమితమవుతుంది. ఎ‌లో ట్యూబ్‌లైట్ కింద తీసిన సెల్ఫీ ఉన్న చోట బి‌లో చంద్రగిరి కోట దగ్గర సాయంత్రం ఐదింటి ఎండలో తీసిన ఫొటో వచ్చింది.

పాత సెట్‌లో తలనీలాలు ఇచ్చొచ్చాక తీసిన గుండు ఫొటో ఒకటి ఉంది. బి మొత్తంలో జుట్టు ఉంది. గుండు ఫొటోను అలాగే వదిలేస్తే పరీక్ష ఫొటోల మీద కాదు, జుట్టు మీద జరుగుతుంది. దాన్ని తీసి, పాత ఫొటోల్లోంచే జుట్టున్నది ఒకటి పెట్టాం. పరిచయ వాక్యాలు, వయసు, ఉద్యోగం, దూరం పరిమితి, వయసు పరిమితి, వీటిలో వారమంతా ఒక్క అక్షరం మారకూడదు.

దూరం పరిమితి 60 కిలోమీటర్లకు పెట్టాం. యాప్ దూరాన్ని రోడ్డు మీద కాదు, గీత గీసినట్టు కొలుస్తుంది. ఆ లెక్కన శ్రీకాళహస్తి హాయిగా లోపలే ఉంటుంది, చిత్తూరు అంచున తగులుతుంది. వంద పెడితే వేలూరు వచ్చి చేరుతుంది, చూసేవాళ్ల తీరే మారిపోతుంది. వందా తప్పు కాదు. కానీ మధ్యలో మార్చడం తప్పు. ఇంకో సంగతి, ఆ వారం క్లయింటు ఊరు దాటకూడదు. చెన్నై వెళ్లి అక్కడ యాప్ తెరిస్తే ఆ పూట లెక్క చెన్నైదే అవుతుంది.

టిండర్‌లో 2016 నుంచి స్మార్ట్ ఫొటోస్ అనే సదుపాయం ఉంది. మొదటి ఫొటోను యాప్ తనంతట తానే మార్చి మార్చి చూపించి, ఎక్కువ లైకులు తెచ్చేదాన్ని ముందుకు తెస్తుంది. మామూలు రోజుల్లో పనికొచ్చేదే. పరీక్ష వారంలో మాత్రం అది ఆన్‌లో ఉంటే మనం పెట్టిన వరుస ఎవరికి కనిపించిందో తెలియదు. ప్రొఫైల్ ఎడిట్ పేజీలో దాన్ని ఆపేయాలి. ఇతర యాప్‌లలోనూ ఇలాంటి ఆటోమేటిక్ వరుస ఉందేమో చూసి ఆపాలి.

పాత ఖాతా తీసేసి కొత్తది తెరిచి బి పెట్టాలన్న ఆలోచన క్లయింటుకు ముందే ఉంది, వద్దన్నాం. కొత్త ఖాతాను యాప్‌లు మొదటి రోజుల్లో ఎక్కువ మందికి చూపిస్తాయి. రెండు సెట్లూ ఒకే ఖాతాలో, ఒకే వారంలో నడవాలి. డబ్బులిచ్చి కొనే బూస్ట్ కూడా ఆ వారం ముట్టుకోకూడదు.

లైకు ఎవరి ఖాతాలో పడాలి

పరీక్ష నిలబడటమా కూలడమా అన్నది ఇక్కడే తేలుతుంది. మన ప్రొఫైల్ కార్డు ఎంతమందికి కనిపించిందో యాప్ చెప్పదు. అంటే నిజమైన లైక్ రేటు, అంటే చూసిన వందమందిలో ఎందరు లైక్ కొట్టారన్నది, మన చేతికి రాదు. చేయగలిగింది ఒక్కటే, ప్రతి పూటా మన వైపు నుంచి పెట్టుబడి సమానంగా ఉంచడం. ఒక పూటకు సరిగ్గా 15 లైకులు ఇవ్వాలి. ముందే రాసుకున్న నియమం ప్రకారం, యాప్ ఒకదాని తర్వాత ఒకటి చూపించే ప్రొఫైళ్ల పేర్పు అయిన డెక్‌లో వచ్చిన వరుసలోనే ఇవ్వాలి. లెక్క చూసుకోవడానికి రెండుసార్లు తప్ప ఆ పూట ఇంకెప్పుడూ యాప్ తెరవకూడదు. కొత్త ఫొటోలు పెట్టిన పూట ఉత్సాహం కొద్దీ పదిసార్లు తెరిచి చూసుకోవడం సహజం. కానీ యాప్‌లో చురుగ్గా ఉన్నవాళ్ల కార్డు ఎక్కువమందికి వెళ్తుంది కాబట్టి ఆ ఉత్సాహమే లెక్కను బి వైపు వంచేస్తుంది.

ఇక మ్యాచ్‌ల సంగతి. ఇద్దరూ ఒకరినొకరు లైక్ చేస్తేనే మ్యాచ్. స్వైప్ చేస్తుండగానే తెరమీద మ్యాచ్ అని వచ్చిందంటే, ఆమె మనల్ని ముందే లైక్ చేసిందన్నమాట. ఎప్పుడు చేసిందో, అప్పుడు మన ప్రొఫైల్‌లో ఏ సెట్ ఉందో ఆ క్షణంలో తెలియదు. కాబట్టి అలాంటి మ్యాచ్‌ను నడుస్తున్న పూటకు రాయకూడదు. అలా కాకుండా, మనం స్వైప్ చేయడం ఆపేశాక ఎప్పుడో నోటిఫికేషన్‌గా వచ్చిన మ్యాచ్ అయితే, ఆమె మన కార్డును అప్పుడే చూసింది. అది ఆ పూటకే చెందుతుంది. మ్యాచ్‌లన్నీ ఒకే గంపలో వేసి లెక్కపెట్టినవాళ్లకు నిన్నటి ఫొటో పుణ్యం ఇవాళ్టి ఫొటోకు పోతుంది.

మనల్ని లైక్ చేసినవాళ్ల జాబితా పూర్తిగా కనబడాలంటే డబ్బు కట్టే ప్లాన్ కావాలి. ఉచిత ఖాతాలో మసక బొమ్మలు, ఒక అంకె మాత్రమే కనిపిస్తాయి. ఆ అంకె మనం ఎవర్నైనా వద్దని ఎడమకు నెట్టినప్పుడు కూడా చడీచప్పుడు లేకుండా తగ్గుతుంది. అందుకే పరీక్షకు ముందు రోజే ప్లాన్ తీసుకుని, అయిపోయేదాకా దాన్నే ఉంచాం. ఆ జాబితాలో ఎవర్నీ ముట్టుకోకూడదు, చూడటం వరకే.

దీనికి పని వరుస ఇలా కుదిరింది. పొద్దున ఏడింటికి 15 లైకులు ఇచ్చేయాలి. ఏడున్నరకు జాబితా స్క్రీన్‌షాట్ తీయాలి. మధ్యాహ్నం రెండింటికి మళ్లీ స్క్రీన్‌షాట్. రెండో దానిలో కొత్తగా కనిపించిన ముఖాలు, మధ్యలో నోటిఫికేషన్‌గా వచ్చిన మ్యాచ్‌లు, ఈ రెండూ కలిపితే ఆ పూట రాబడి. స్వైప్ చేశాకే మొదటి స్క్రీన్‌షాట్ తీయడానికి కారణముంది. ఆ తర్వాత మన వైపు నుంచి కదలిక ఉండదు కాబట్టి జాబితా పెరగడమే తప్ప తరగదు.

రెండింటికి ఫొటోలు మార్చి నాలుగింటి దాకా ఆగాలి. ఈ రెండు గంటలు దేనికంటే, ఫొటో మార్చగానే అందరి ఫోన్లలో మారదు. కొందరి డెక్‌లో మన పాత కార్డు ముందే దిగి ఉంటుంది. కొత్తగా ఎక్కించిన ఫొటోను యాప్ పరిశీలించడానికీ కొంత సమయం పట్టవచ్చు. నాలుగింటికి మళ్లీ 15 లైకులు, నాలుగున్నరకు స్క్రీన్‌షాట్, రాత్రి పదకొండున్నరకు చివరి స్క్రీన్‌షాట్. ఆ తర్వాత వచ్చినవి ఎవరి లెక్కలోనూ పడవు.

ఇంత చేసినా కలగాపులగం పూర్తిగా పోదు. ఎ ఉన్నప్పుడు డెక్‌లో దిగిన కార్డును బి పూటలో చూసేవాళ్లు కొందరు ఉంటారు. దీనికి మరీ భయపడనక్కర్లేదు. ఇలాంటి కలత రెండు వైపులకూ సమానంగా పోతుంది, ఉన్న తేడాను తగ్గించి చూపిస్తుందే కానీ లేని తేడాను పుట్టించదు.

వారం ఎలా పంచాం

సోమవారం లెక్కలో లేదు. ప్రొఫైల్‌ను కదిపిన కుదుపు సర్దుకోవడానికీ, క్లయింటుకు స్క్రీన్‌షాట్లు అలవాటు కావడానికీ ఆ రోజు. మంగళవారం నుంచి ఆదివారం దాకా ఆరు రోజులు, రోజుకు రెండు పూటలు, మొత్తం పన్నెండు. ఒక్కో సెట్‌కు మూడు పగళ్లు, మూడు సాయంత్రాలు వచ్చాయి.

| రోజు | పగలు | సాయంత్రం |
|---|---|---|
| మంగళ | ఎ: 1 | బి: 4 |
| బుధ | బి: 2 | ఎ: 3 |
| గురు | బి: 2 | ఎ: 1 |
| శుక్ర | ఎ: 2 | బి: 5 |
| శని | ఎ: 3 | బి: 7 |
| ఆది | బి: 4 | ఎ: 4 |

ఈ వరుసలో ఇంకో ఉపాయం ఉంది. మంగళవారం బి‌తో ముగిసి బుధవారం బి‌తోనే మొదలవుతుంది కాబట్టి ఆ రాత్రి ఫొటోలు మార్చక్కర్లేదు. వారం మొత్తానికి ఎనిమిది మార్పులతో సరిపోయింది. ఎన్ని తక్కువసార్లు ఎక్కించి తీసేస్తే అంత మంచిది. రెండు సెట్లనూ ఒకేసారి ఎక్కించి, వరుస మాత్రం మార్చే పద్ధతీ ఉంది, శ్రమ తక్కువ. కానీ కిందికి జరుపుతూ పోయేవాళ్లకు రెండు సెట్లూ కనిపిస్తాయి. అది ఫొటో సెట్ల పరీక్ష కాదు, మొదటి ఫొటో పరీక్ష.

పై అంకెలు దొంగ ప్రొఫైళ్లను తీసేశాక మిగిలినవి. మొత్తం 46 వస్తే ఎనిమిదింటిని తీసేశాం. ఒకే ఫొటో ఉండి, పరిచయంలో బయటి లింకో ఫోన్ నంబరో తప్ప ఇంకేమీ లేనివి అవి. తీసేయాలా వద్దా అన్నది నిర్ణయించిన మనిషికి ఆ ముఖం ఏ పూటలో వచ్చిందో చెప్పలేదు. చెబితే మనసుకు నచ్చిన సెట్‌లోని అనుమానపు ప్రొఫైళ్లు అసలైనవిగా కనబడటం మొదలవుతుంది. తీసేసిన వాటిలో ఐదు బి పూటలవి, మూడు ఎ పూటలవి అని తర్వాత తేలింది.

అంకెలు ఏం చెబుతున్నాయి

ఎ‌కి 14, బి‌కి 24. పూటకు సగటున ఎ 2.3, బి 4. కొత్త ఫొటోలు 70 శాతం ఎక్కువ తెచ్చాయని క్లయింటు సంబరపడ్డారు. ఆ మాటకు వచ్చేముందు ఇదే పట్టికను ఇంకో రెండు రకాలుగా కూడి చూద్దాం.

పగళ్లన్నీ కలిపితే 14, సాయంత్రాలన్నీ కలిపితే 24. అంటే ఫొటోల తేడా ఎంత ఉందో, పూటల తేడా కూడా సరిగ్గా అంతే. అంకెలు ఇలా అచ్చుగుద్దినట్టు కలవడం కాకతాళీయమే. కానీ బి‌ని సాయంత్రాల్లోనే పెట్టి ఉంటే ఏ తేడా ఎవరిదో ఎప్పటికీ విడదీయలేకపోయేవాళ్లం.

ఇక మొదటి మూడు రోజులు కలిపితే 13, చివరి మూడు రోజులు కలిపితే 25. రెండు సగాల్లోనూ ఎ, బి సమానంగా ఉన్నాయి, అయినా రెండో సగం దాదాపు రెట్టింపు. మొదట చెప్పిన పద్ధతిలో ఎ‌ని ముందు, బి‌ని వెనక పెట్టి ఉంటే, రెండు సెట్లూ ఒకటే అయినా బి రెట్టింపు గెలిచినట్టు కనిపించేది.

మా పంపకంలో ఈ రెండు దోషాలూ చెల్లిపోయాయి. కానీ అదృష్టం అనే మూడోది మిగిలే ఉంది. 38 సార్లు నాణెం ఎగరేస్తే ఒక వైపు 24 లేదా అంతకంటే ఎక్కువ పడటం వింతేమీ కాదు. ఏడుసార్లలో ఒకసారి అలా జరుగుతుంది. చేతిలెక్కకు పనికొచ్చే నియమం ఒకటుంది. రెండు అంకెల మధ్య తేడా, వాటి మొత్తానికి వర్గమూలం కట్టి రెట్టింపు చేసినదానికంటే పెద్దదిగా ఉండాలి.

```
|A - B| > 2 * sqrt(A + B)
10  >  2 * sqrt(38) = 12.3   ?
```

పది ఆ 12.3 గీతను దాటలేదు. శనివారం సాయంత్రాన్ని చూస్తే అనుమానం ఇంకా పెరుగుతుంది. బి ఆధిక్యం పదిలో నాలుగు శనివారానివే, అవీ ఆ ఒక్క పూటలో వచ్చిన ఏడు నుంచే. ఆ ఏడింటిలో మూడు ప్రొఫైళ్లలో ఉండే ఊరు చెన్నై అనో బెంగళూరు అనో రాసుంది. శనివారాన్ని రెండు వైపులా తీసేస్తే ఎ 11, బి 17 మిగులుతాయి. బి‌దే ముందంజ, కానీ పందెం కట్టేంత కాదు.

ఇలాంటప్పుడు ఇంకో రెండు రోజులు నడిపి, అంకె దాటిన క్షణాన ఆపేద్దామనిపిస్తుంది. అలా రోజూ తొంగిచూస్తూ నచ్చినప్పుడు ఆపితే, తేడా లేని సెట్లలో కూడా ఎప్పుడో ఒకప్పుడు గీత దాటుతుంది. అందుకని ఎప్పుడు ఆగాలన్నది మొదలుపెట్టకముందే కాగితం మీద రాసుకున్నాం. ఆదివారం రాత్రి ఒకసారి లెక్క చూడాలి. తేలకపోతే ఒక వారం విరామమిచ్చి, పట్టికను తలకిందులు చేసి రెండో వారం నడపాలి. తేలినా తేలకపోయినా ఇక అంతే.

రెండో వారంలో ఎ ఉన్న చోటల్లా బి, బి ఉన్న చోటల్లా ఎ. శనివారం సాయంత్రం ఈసారి ఎ‌కి దక్కింది. ఫలితం ఎ 10, బి 19. రెండు వారాలూ కలిపితే ఎ 24, బి 43. తేడా 19, గీత 16.4. దాటింది. రెండుసార్లు చూశాం కాబట్టి గీతను పిసరంత పైకి జరపాలి, అయినా దాటుతుంది. బి ఉంచేయమని చెప్పాం.

70 శాతం అన్న మాటను మాత్రం నివేదికలో రాయలేదు. 67 లైకుల నుంచి చెప్పగలిగేది ఇంతే: బి నిజమైన బలం ఎ‌కి పదో వంతు ఎక్కువ మొదలుకొని మూడు రెట్ల దాకా ఎక్కడైనా ఉండొచ్చు. బి మెరుగన్నది తేలింది. ఎంత మెరుగన్నది తేలలేదు.

ఈ పద్ధతి ఎక్కడ ఆగిపోతుంది

రెండో వారంలో మొత్తం 38 నుంచి 29కి పడిపోయింది, కారణం ఫొటోలు కాదు. ఒకసారి ఎడమకు నెట్టినవాళ్లకు మన కార్డు మళ్లీ వెంటనే రాదు. తిరుపతి చుట్టుపక్కల 60 కిలోమీటర్లలో ఈ యాప్ వాడేవాళ్లు హైదరాబాదులో ఉన్నంతమంది ఉండరు, చూసేవాళ్లు తరుగుతూ వస్తారు. పూటకు 15 లైకులకే పరిమితం చేసింది కూడా ఇందుకే. యాభై చొప్పున ఇస్తే గురువారానికి డెక్ ఖాళీ అయి, వారం చివరి పూటలు ఎండిపోతాయి. బ్రహ్మోత్సవాల వారంలోనో వైకుంఠ ఏకాదశి రోజుల్లోనో పరీక్ష పెట్టకూడదు. ఆ రద్దీలో ఒక్కో పూటకూ పోలికే ఉండదు, మూడు పగళ్లు మూడు సాయంత్రాల పంపకం దాన్ని చదును చేయలేదు.

బి‌లోని ఐదు ఫొటోల్లో ఏది పనిచేసిందో చెప్పమని క్లయింటు అడిగారు. చంద్రగిరి ఫొటో ఒక్కటే మార్చి చూద్దామన్నారు. ఒక్క ఫొటో మార్పుతో తేడా పాతిక శాతం ఉంటుందనుకుందాం. పై సూత్రంలో అది గీతను తాకాలంటే కనీసం 324 లైకులు కావాలి. అన్ని లైకులు వచ్చినా ఆ తేడా పట్టుబడేది సగం సార్లే. వారానికి 38 చొప్పున అది ఎనిమిదిన్నర వారాలు, అదీ డెక్ తరగకుండా ఉంటే. ఈ ఊళ్లో, ఈ దూరంలో ఆ ప్రశ్నకు లైకులతో జవాబు రాదని చెప్పి, ప్లాన్ రద్దు చేసుకోమన్నాం.